రెండున్నర అడుగుల దారి

అసలు పేరు జీతం కాగితం మీద ఉండేదేమో గానీ, కంపెనీలో ఆయన్ని అందరూ అంగుళం అనే పిలిచేవాళ్ళు. చిన్నవాళ్ళు మర్యాదకి అన్న అని తోక తగిలించేవాళ్ళు. డాబాల మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే కంపెనీ అది. బిగించేవాళ్ళు వేరు, తీగలు కలిపేవాళ్ళు వేరు. వాళ్ళందరికంటే ముందు మెట్లెక్కి, డాబా కొలిచి, ఇక్కడ ఇన్ని పడతాయని తేల్చేవాడు ఈయన. ఆ తేల్చడంలో అంగుళం అటూ ఇటూ కదలడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

నలభై ఏడేళ్ళ మనిషి. ఎండకి మాడిన మెడ, నడుముకి టేపు. పదిహేనో ఏట స్థలాలు కొలిచే ఒక పెద్దాయన దగ్గర టేపు కొస పట్టుకునే పనిలో చేరాడు, అప్పట్నుంచీ టేపు వదల్లేదు. మా ఆయన మంచం మీద కూడా చుట్టూ అంచు వదిలి మధ్యలోనే పడుకుంటాడని వాళ్ళావిడ నలుగురిలో నవ్వేది. ఆయనా నవ్వేవాడు. మర్నాడు మళ్ళీ అలాగే పడుకునేవాడు.

ఏ ఇంటికి వెళ్ళినా ఇంటివాళ్ళు అడిగేది ఒకటే: ఇంకొక్కటి పట్టదా? పెళ్ళిబస్సులో సీటు అడిగినట్టు అడుగుతారు. అంగుళం ఓపిగ్గా చెప్పేవాడు. డాబా అంచు చుట్టూ రెండున్నర అడుగులు వదలాలి. అంచు దగ్గర గాలి ఎగదన్నుతుంది, ప్యానెల్ కిందకి దూరి లేపేస్తుంది. అదొకటి. రేపు దుమ్ము కడగాలన్నా, నట్టు బిగించాలన్నా మనిషి నిలబడే చోటు కావాలి. అది రెండోది. ఇక నీళ్ళ ట్యాంకు నీడ. వేసవి మధ్యాహ్నం చూస్తే ఆ నీడ ట్యాంకు కాళ్ళ దగ్గరే కుక్కపిల్లలా ముడుచుకుని ఉంటుంది. చలికాలం పొద్దున తొమ్మిదింటికి అదే నీడ ట్యాంకు ఎత్తుకి దాదాపు రెండింతలు సాగుతుంది. సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి ఉత్తరం వైపు పడుతుంది. పొద్దున పడమటికి, సాయంత్రం తూర్పుకి జరుగుతుంది. ఒకే తీగ మీద వరుసగా కలిపిన ప్యానెళ్ళలో ఒకదాని మీద నీడ పడితే నష్టం ఆ ఒక్కదానితో ఆగదు, వరుసంతా మందగిస్తుంది. అందుకని ఎంత ఖాళీ కనిపించినా నీడ నడిచే చోట ప్యానెల్ పెట్టకూడదు.

ఇంత చెప్పినా వినని వాళ్ళుంటారు. ఒకాయన, అవతలి కంపెనీవాడు పద్నాలుగు పడతాయన్నాడు, నువ్వు పదకొండంటున్నావు అని ఎగిరాడట. ఆయన దగ్గరే పెట్టించుకోండి, మూడు గాల్లో వేలాడదీస్తాడు కాబోలు అని ఈయన టేపు చుట్టుకుని దిగొచ్చేశాడు. ఓనరు చీవాట్లు పెట్టాడు. అయినా పదకొండు పదకొండే.

కొలతల కాగితం మీద కంపెనీవాళ్ళు అచ్చేయించిన మొదటి గడి 'కదలనివి'. పిట్టగోడ, మెట్లగది, పక్కింటి గోడ, నీళ్ళ ట్యాంకు. వాటిని పెన్నుతో గీసి, మిగిలిన చోట ప్యానెళ్ళని పెన్సిలుతో గీయాలి. ఒకసారెప్పుడో కుర్రాళ్ళు ఎవరిదో ట్యాంకు జరపబోతే పైపు విరిగి ఇల్లంతా తడిసిందట. ఆ గొడవ తర్వాత నీళ్ళ జోలికి పోవద్దని ఓనరు గట్టిగా చెప్పాడు. పదకొండేళ్ళుగా అంగుళం ఏ డాబా ఎక్కినా ముందు పెన్ను తీసి ట్యాంకు గీసేవాడు.

ఆయనకి ఒక్కతే అక్క. తల్లి పోయేనాటికి అక్కకి పంతొమ్మిది, ఈయనకి ఎనిమిది. వండిపెట్టింది, చదివించబోయింది, చదువు అబ్బకపోతే తిట్టి పనిలో పెట్టింది. ఎవరైనా నీకు అమ్మ ఉందా అంటే పోయిందనేవాడు గానీ, ఆ లోటు మాత్రం ఎరగడు. బావ ఊరి చివర రాళ్ళు పిండికొట్టే క్రషర్లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మంచం మీంచి గుమ్మం దాకా నడిస్తే గోడ పట్టుకుని నిలబడిపోయే స్థితికి వచ్చాడు. రాత్రీ పగలూ ఆక్సిజన్ మిషను పెట్టుకోవాల్సిందే అన్నాడు డాక్టరు. ముక్కుకి గొట్టం, మంచం పక్కన గురకపెట్టే పెట్టె. అక్క ఆ పెట్టెని రెండో మొగుడు అనేది. మొదటివాడికంటే ఇదే ఎక్కువ గురకపెడుతోంది అనేది. బావ నవ్వబోతే దగ్గొచ్చేది.

చిక్కల్లా కరెంటుతో. ఊరి చివర లైను. రోజుకి నాలుగైదు గంటలు ఉంటే గొప్ప, ఉన్నప్పుడూ బల్బు ఎర్రగా మిణుకుమంటుంది, ఆ కరెంటుతో మిషను నడవదు. మూలన ఒక సిలిండరు ఉంది గానీ అది పూటకి మించి రాదు. అందుకే సోలారు, బ్యాటరీలు. అంగుళం తనే లెక్క కట్టాడు. మిషను రోజంతా తినేది పద్నాలుగు యూనిట్ల పైచిలుకు. బ్యాటరీలో దాచి తీసేటప్పుడు కొంత ఆవిరవుతుంది. చలికాలం మబ్బు రోజున ఒక్కో ప్యానెల్ రెండు యూనిట్లు ఇస్తుందనుకుంటే తొమ్మిది కావాలి. ఎనిమిదైతే ఈదీ ఈదనట్టు. ఏడైతే మబ్బు పట్టిన రోజు తెల్లారేలోపే బ్యాటరీ అడుగంటుతుంది.

డాబా కొలిచాడు. తూర్పు పడమరలు ఇరవై ఏడు అడుగులు, ఉత్తర దక్షిణాలు ఇరవై అయిదు. ఆగ్నేయం మూల ఇనుప స్టాండు మీద ట్యాంకు, స్టాండుతో కలిపి ఏడడుగుల ఎత్తు. పెన్ను తీసి ముందు దాన్ని గీశాడు. ప్యానెల్ పొడవు ఏడున్నర అడుగులు, వెడల్పు మూడు ముప్పావు. ఉత్తరం వైపు వరుసకి నీడ అందదు. రెండు పక్కలా రెండున్నర అడుగులు వదిలితే అయిదు పడతాయి. దక్షిణం వరుసలో ట్యాంకు నీడ తూర్పు గోడ నుంచి పద్నాలుగు అడుగుల దాకా తినేస్తుంది. మిగిలిన చోట పడమటి దారి వదిలితే రెండు. మొత్తం ఏడు.

మూడుసార్లు కొలిచాడు. కొలిచినకొద్దీ డాబా పెరగదు కదా.

కిందకొచ్చేసరికి అక్క గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. మొహం చూడగానే పట్టేసింది.

"ఎన్ని పట్టాయిరా?"

"ఏడు."

"తొమ్మిది కావాలన్నావుగా."

"కావాలి."

ఆమె బతిమాలలేదు, ఏడవలేదు. లోపల పెట్టె గురకపెడుతోంది. అది ఆగితే ఏమవుతుందో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. "అందరి ఇళ్ళూ కొలిచేవాడివి, నీకు తెలీదా. ఏదో ఒకటి చూడరా" అని మాత్రం అని పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయింది.

అంగుళం మళ్ళీ పైకెళ్ళి పిట్టగోడ మీద కూచున్నాడు. మోకాలెత్తు గోడ. నీడని మోసం చేయడం కుదరదు, ప్యానెల్ ఊరుకోదు. అంచు అలా కాదు. పడమటి వైపు రెండున్నర అడుగుల్ని తొమ్మిది అంగుళాలు చేస్తే ఉత్తరం వరుసలో ఆరు, దక్షిణం వరుసలో మూడు. తొమ్మిది. కరెంటుకి దారితో పనిలేదు, మనిషికే పని. ఆ మనిషిని నేనే అవుతాను అనుకున్నాడు. పదకొండేళ్ళలో ఏ ఇంటికీ ఇవ్వని ఆ ఇరవై ఒక్క అంగుళాల్నీ అక్కకి ఇచ్చేశాడు. ఇచ్చినందుకు ఆ పూట సంతోషపడ్డాడు కూడా, అదే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

గాలికైతే ఆ వైపు బోల్టులు రెట్టింపు వేయించాడు. అక్కకి మాత్రం జాగ్రత్త చెప్పాడు. క్రషర్ దుమ్ము వారంలో రెండుసార్లైనా కడగాలి. రెండు వరుసల మధ్య రెండడుగుల సందులో నిలబడి, పొడుగు కర్రకి కట్టిన గుడ్డతో అందినంత మేర తుడువు. పడమటి చివరివాటి జోలికి వెళ్ళకు, ఆదివారం నేనొచ్చి కడుగుతాను. అలా చెప్తూనే, పనివాళ్ళందరికీ చెప్పే అలవాటు చొప్పున ఇంకో మాట కూడా అన్నాడు: ఒక్కదాని మీద మచ్చ ఉన్నా వరుసంతా మందగిస్తుంది.

ఆమెకి ఆ మాటే గుర్తుండిపోయింది.

ఎనిమిది నెలలు అంతా సవ్యంగా జరిగింది. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. పడమటి గోడ దగ్గర అడ్డంగా నడిచి, ఒక చేత్తో ఫ్రేము పట్టుకుని, ఇంకో చేత్తో కడిగేవాడు. అటు పైపు రెయిలింగు పెట్టించాలని మొదటి ఆదివారమే అనుకున్నాడు. ప్రతి ఆదివారం అనుకున్నాడు. అక్క కింద నుంచి టీ పట్టుకుని అరిచేది, దిగిరా, చల్లారిపోతోంది అని. బావ ఒంటికి కాస్త రంగొచ్చింది. మంచం మీద లేచి కూచుని పేపరు చదివి, ప్రభుత్వాన్ని తిట్టే స్థాయికి వచ్చాడు. తిట్టే ఓపిక వచ్చిందంటే మనిషి కోలుకున్నట్టే అని అక్క మురిసిపోయింది.

చలికాలంలో కంపెనీవాళ్ళు అంగుళాన్ని వేరే ఊరు పంపించారు. పెద్ద గోదాము కప్పు, రెండు వారాల పని. వెళ్ళేముందు అక్కకి ఫోన్ చేసి, పడమటివి అలాగే ఉండనీ, నేనొచ్చాక చూసుకుంటా అన్నాడు. సరేలే, నువ్వు వేళకి తిను అంది.

రెండో వారం మూడు రోజులు మబ్బు. దానికి తోడు క్రషర్ దుమ్ము. పడమటి చివర ప్యానెళ్ళ మీద పిట్టల రెట్టలు కూడా చేరాయి. వంటింటి గోడ మీద బ్యాటరీ మీటరు ఉండేది. అక్క పొద్దున్నే దాన్నే చూసేది. ఆ రోజు చివరి గీత దగ్గర ఉంది. సిలిండరు ముందురోజే అయిపోయింది. కాస్త ఆయాసంగా ఉందే అన్నాడు బావ. పది గంటలకి ఎండ కాసింది. ఎండ వచ్చినప్పుడే కడగాలి, లేకపోతే వచ్చిన ఎండ కూడా వృథా అనుకుని ఉంటుంది. బకెట్టు, గుడ్డ పట్టుకుని పైకెళ్ళింది. కర్రతో అందిన మేర తుడిచింది. అందని మూల అందలేదు. మచ్చ ఉంచి దిగిరావడం ఆమెకి చేతకాదు, వంటగిన్నె మీద కూడా ఉంచేది కాదు.

తొమ్మిది అంగుళాల దారి. తడి నేల. చేతిలో బకెట్టు.

బావకి ముందు బకెట్టు పడిన చప్పుడు వినిపించింది. తర్వాత రెండో చప్పుడు. గొట్టం గుమ్మం దాకానే వస్తుంది. ఆయన గొట్టం పీకేసి, గోడ పట్టుకుని, ఇంటి వెనక్కి వెళ్ళాడు. పక్కింటివాళ్ళు వచ్చేసరికి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూచుని, పెదాలు నల్లబడి, నోటితో గాలి వెతుక్కుంటున్నాడు. ఆయన్ని మోసుకెళ్ళి మళ్ళీ గొట్టం పెట్టారు. ఆమెకి ఏమీ పెట్టాల్సిన అవసరం లేకపోయింది.

అంగుళం కబురు విన్నప్పుడు గోదాము కప్పు మీద ఉన్నాడు. ఎన్ని అడుగులు వదలాలని ఎవరో అడుగుతున్నారు. మధ్యలోనే దిగిపోయాడు.

తర్వాత తనూ పెళ్ళామూ బావ ఇంటికే మారిపోయారు. బావ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని అంగుళానికి ఉండేది. తిట్టినవాడి కాళ్ళు పట్టుకోవచ్చు, మౌనంగా ఉన్నవాడిని ఏం పట్టుకోవాలి? మీటరు చూసే పని ఇప్పుడు వాళ్ళావిడ నెత్తిన పడింది. ఒకరోజు ఆమె చేతిలో గుడ్డతో మెట్లెక్కుతుంటే చూసి, ఒళ్ళు తెలీకుండా అరిచాడు. ఆమె బిత్తరపోయి మెట్ల మీదే కూలబడింది. ఆ రోజే నిశ్చయించుకున్నాడు, పడమటి రెండూ పీకేయాలి. మళ్ళీ ఏడు. బావ సంగతి? సిలిండర్లు తెచ్చుకుందాం, ఏదో ఒకటి చేద్దాం అనుకున్నాడు. ఆ ఏదో ఒకటి ఏమిటో ఆయనకే తెలీదు.

స్పానర్లు పట్టుకుని పైకెళ్ళేసరికి ట్యాంకు దగ్గర ప్లంబరు ఉన్నాడు. నీళ్ళు కారుతున్నాయని వాళ్ళావిడే పిలిపించింది. నోట్లో పుల్ల కొరుకుతూ, పైపు విప్పుతూ, బాగానే ఉన్నవాటిని ఎందుకు పీకుతున్నారన్నాడు. అంగుళం ముక్తసరిగా చెప్పాడు. దారి లేదు, దారి వదిలితే ఏడే పడతాయి, అటువైపంతా ట్యాంకు నీడ.

ప్లంబరు ట్యాంకు వైపు చూశాడు, ప్యానెళ్ళ వైపు చూశాడు.

"మరి ఈ ట్యాంకుని ఆ ఉత్తరం గోడ పక్కన పెట్టుకోవచ్చుగా? పైపు పాతికడుగులు లాగితే చాలు. పూట పని."

వాడు మామూలుగా అన్నాడు, అని మళ్ళీ పైపు మీదకి వంగాడు. అంగుళం చేతిలో స్పానరు అలాగే ఉంది. ఉత్తరం గోడ. అక్కడుంటే చలికాలం నీడంతా పక్కింటి రేకుల మీదకి పోతుంది. వేసవిలో కొద్దిగా ఇటు పడినా నడిచే దారిలోనే పడి ఆగిపోతుంది, ప్యానెల్ దాకా రాదు. టేపు తీశాడు. దక్షిణం గోడ నుంచి రెండున్నర, వరుస ఏడున్నర, సందు రెండు, వరుస ఏడున్నర. ఉత్తరాన అయిదున్నర మిగిలింది. మూడడుగుల ట్యాంకు పోగా మళ్ళీ రెండున్నర అడుగుల దారి. ఒక్కో వరుసలో రెండు పక్కలా దారి వదిలి అయిదు. అయిదూ అయిదూ పది.

కావాల్సినవి తొమ్మిది. పట్టేవి పది. చుట్టూ మనిషి బకెట్టు పట్టుకుని నడిచేంత చోటు వదిలాకే పది.

వేల అడుగులు కొలిచాడు, ఒక్క ట్యాంకుని కదిపి చూద్దామని ఎన్నడూ అనుకోలేదు. సొంత అక్క ఇల్లు, అడిగితే ఆ క్షణమే జరిపించేది. అడగలేదు. ప్లంబరు ముందే నేల మీద చతికిలబడి ఏడ్చాడు. వాడు కంగారుపడి, పైపు వదిలేసి, నీళ్ళిచ్చాడు.

దాచిపెడదామా అన్న ఆలోచన రాకపోలేదు. ఎవరికి తెలుస్తుంది? కానీ దాస్తే ట్యాంకు జరపడం కుదరదు, జరపకపోతే బావకి ఏడే. కిందకి దిగి మంచం పక్కన నిలబడ్డాడు.

"బావా, ట్యాంకు అటు జరిపితే పది పడతాయి."

బావ దిండు మీంచి తలెత్తాడు.

"దారి?"

"చుట్టూ రెండున్నర అడుగులు."

"మళ్ళీ కొలువు" అన్నాడు బావ.

ఎందుకన్నాడో అంగుళానికి తెలుసు. తనకీ అదే కావాలి. ఎక్కడో రెండడుగులు తప్పు చదివి ఉండాలి, ఆ చోటు అప్పుడు కూడా లేనట్టు తేలాలి. పైకెళ్ళాడు. టేపు కొస ప్లంబరు చేత పట్టించి, ఒక్కో అంగుళం పైకి చదువుతూ కొలిచాడు. అలా తప్పు రావాలని మొక్కుకుంటూ ఆయన ఎన్నడూ కొలిచి ఎరగడు.

"అదే బావా. పది" అన్నాడు కిందకొచ్చి. టేపు చుట్టేసి, "అక్కని నేనే చంపాను" అన్నాడు.

బావ కాదనలేదు. రెండు మూడు సార్లు గొట్టంలోంచి గాలి లాక్కున్నాడు.

"ఆ పొద్దున ఆయాసంగా ఉందన్నది నేను. అంత ఏం లేదురా. ఊరికే అన్నాను. అది దగ్గరకొచ్చి కూచుంటుందని." మళ్ళీ గాలి లాక్కున్నాడు. "జరిపించు ట్యాంకు. నాకు ఇంకా బతకాలనే ఉంది."

ఆ మాట అన్నాక మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి గానీ, ఏడవడానికి సరిపడా ఊపిరి లేదు. అంగుళం మంచం పట్టెమీద కూచుని ఆయన వీపు మీద చెయ్యి వేశాడు, తీయలేదు.

బావకి సిలిండర్లు తెచ్చిపెట్టి, ప్యానెళ్ళు విప్పి మళ్ళీ బిగించడానికి రెండు రోజులు పట్టింది. ట్యాంకు జరపడానికి పూట కూడా పట్టలేదు, రెండు గంటల్లో అయిపోయింది.